పైన రాసింది ‘లీవ్ అండ్ లైసెన్స్’, లోపల ఉన్నది కిరాయి: హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకునేవారికి మార్గదర్శి

కొండాపూర్‌లో మా చిన్నాన్న కొడుకు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ తీసుకున్నాడు. కిరాయి నెలకు 28,000, అడ్వాన్స్ 84,000, గడువు 11 నెలలు. ఓనర్ ఎక్కడో దొరికిన నమూనా ప్రింట్ తీసి, 100 రూపాయల స్టాంపు పేపరు జత చేసి, నోటరీ చేయించి ఇచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో ‘లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్’ అని ఉంది. లోపల వాడు ‘లైసెన్సీ’, కిరాయి ‘లైసెన్స్ ఫీజు’. వాడు పేర్లు పట్టించుకోకుండా సంతకం పెట్టేశాడు.

ఐదో నెలలో ఓనర్ ఫ్లాట్ అమ్మేశాడు. కొన్నాయన వచ్చి, “మీరు లైసెన్సీ మాత్రమే. నాకూ మీకూ ఏ ఒప్పందమూ లేదు. పది రోజుల్లో ఖాళీ చేయండి, అడ్వాన్స్ సంగతి పాతాయనతో చూసుకోండి” అన్నాడు. వాడు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ కాగితాల మీద ఆ రాత్రి మేం కూర్చుని తేల్చుకున్న విషయాలే ఇక్కడ రాస్తున్నాను. సంతకానికి ముందే తేల్చుకుని ఉంటే వాడికి ఆ నెల రోజుల నరకం తప్పేది.

ముందు తేడా ఏమిటో చూద్దాం

లీజు అంటే ఇల్లు అనుభవించే హక్కును కొంతకాలానికి మీకు బదిలీ చేయడం. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 105వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ గడువులో ఇంటి స్వాధీనం మీది. తలుపు వేసుకుంటే ఓనర్ కూడా మీరు రమ్మంటేనే లోపలికి రావాలి.

లైసెన్సు అలా కాదు. ఈజ్‌మెంట్స్ చట్టం, 1882లోని 52వ సెక్షన్ ప్రకారం అది ఉత్త అనుమతి. లైసెన్సు లేకపోతే అక్కడ ఉండటం అక్రమ ప్రవేశం అవుతుంది, ఉంది కాబట్టి కాదు, అంతే. ఇంటి మీద మీకు ఏ హక్కూ పుట్టదు. స్వాధీనం చట్టం దృష్టిలో ఓనర్ దగ్గరే ఉంటుంది. సాధారణంగా ఆయన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక మీకు దక్కేది సామాను సర్దుకుని వెళ్లడానికి సరిపడే సమయం. మీ తప్పేమీ లేకుండా, డబ్బు తీసుకుని ఇచ్చిన లైసెన్సును గడువు లోపలే తెంచి పంపేస్తే, లైసెన్సు ఇచ్చినాయన దగ్గర నష్టపరిహారం అడగవచ్చు. ఇల్లు మాత్రం అడగలేరు.

అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో హాస్టల్‌లో ఒక మంచం తీసుకున్న కుర్రాడిది నిజమైన లైసెన్సు. గది తాళం వార్డెన్ దగ్గరా ఉంటుంది, రేపు వేరే గదికి మారమంటే మారతాడు. మూడో అంతస్తులో ఫ్లాట్ మొత్తం తీసుకుని, గ్యాస్ కనెక్షన్ మార్పించుకుని, పిల్లల్ని పక్క బడిలో చేర్చినవారిది మామూలుగా లైసెన్సు కాదు, కాగితం ఏమన్నా సరే.

ఈ పేరు హైదరాబాద్‌కు ఎందుకు వచ్చింది

ఇది ముంబై, పుణెల నుంచి వచ్చిన పేరు. అక్కడ పాత అద్దె నియంత్రణ చట్టం కింద కిరాయిదారును ఖాళీ చేయించడం దశాబ్దాల పని. ఆ భయంతో ఓనర్లు ‘ఇది కిరాయి కాదు, అనుమతి మాత్రమే’ అని రాయించుకోవడం మొదలుపెట్టారు. తర్వాత మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 దానికి సొంత ఏర్పాటే చేసింది. గడువు ముగిశాక లైసెన్సీ వెళ్లకపోతే ఓనర్ ప్రత్యేక అధికారి దగ్గరికి వెళ్లవచ్చు, రెట్టింపు ఫీజు అడగవచ్చు. అక్కడ ఆ కాగితం వెనక ఒక చట్టం నిలబడి ఉంది.

తెలంగాణలో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడున్న 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలకు వర్తించదు. అంటే నేటి ఫ్లాట్లు దాదాపు అన్నీ దాని బయటే. అవి నేరుగా ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాయి. కాబట్టి ముంబై ఓనర్‌కు ఉన్న భయం మన ఓనర్‌కు లేదు, అక్కడి లైసెన్సు ఇచ్చే లాభమూ ఇక్కడ లేదు. ఆ నమూనాతో ఓనర్‌కు వచ్చేది ఏమీ లేకపోగా కిరాయిదారుకు మాత్రం గందరగోళం మిగులుతుంది. అందుకే ఆ కాగితం పక్కన పెట్టి మామూలు కిరాయి ఒప్పందం రాయించమని అడగమంటాను.

మొదటి పని: శీర్షిక వదిలేసి లోపలి షరతులు చదవండి

1959లో సుప్రీం కోర్టు ముందుకు ఢిల్లీ ఇంపీరియల్ హోటల్ తగాదా వచ్చింది. హోటల్లో రెండు గదులు తీసుకుని ఒకాయన హెయిర్ డ్రెస్సింగ్ దుకాణం నడిపేవాడు. దస్తావేజులో అంతా ‘లైసెన్సు’ భాషే. తీర్పులో జస్టిస్ కోకా సుబ్బారావు చెప్పిన సూత్రాలే నేటికీ ఆధారం: కాగితం రూపం కాదు, సారం చూడాలి, ఇరుపక్షాల ఉద్దేశం చూడాలి, ఆ చోటు మొత్తం ఒకరి ప్రత్యేక స్వాధీనంలోకి వెళ్లిందంటే, విరుద్ధంగా ఏమీ లేకపోతే, పైకి చూడగానే అది లీజు. ఆ గదుల్లో ఉన్నది లీజే అని కోర్టు తేల్చింది.

అలాగని ‘ఏం రాసినా లీజే అవుతుందిలే’ అని సంతకం పెట్టేయకండి. కోర్టు ఉద్దేశాన్ని వెతికేది మొదట ఆ కాగితంలోనే. మావాడి కాగితంలో మూడు వాక్యాలు నన్ను భయపెట్టాయి. స్వాధీనం ఎప్పుడూ లైసెన్సర్ దగ్గరే ఉంటుందని ఒకటి. లైసెన్సర్ దగ్గర డూప్లికేట్ తాళం ఉంటుంది, ఎప్పుడైనా రావచ్చని రెండోది. లైసెన్సర్ ఎప్పుడైనా కారణం చెప్పకుండా రద్దు చేయవచ్చని మూడోది. ఈ మూడూ అమల్లో కూడా అలాగే జరిగితే మీ వాదన బలహీనపడుతుంది. మావాడి విషయంలో అవి కాగితం మీదే ఉండిపోయాయి. తాళాలు రెండూ వాడి దగ్గరే, ఓనర్ ఐదు నెలల్లో ఒక్కసారి, అదీ ఫోన్ చేసి వచ్చాడు.

కాబట్టి సంతకానికి ముందే ఈ వాక్యాలు కొట్టేయించండి. ‘లైసెన్సర్’ బదులు యజమాని, ‘లైసెన్సీ’ బదులు కిరాయిదారు, ‘ఫీజు’ బదులు కిరాయి అని మార్పించండి. ‘ఫ్లాట్‌ను కిరాయిదారు ప్రత్యేక స్వాధీనానికి ఫలానా తేదీన అప్పగించడమైనది, 24 గంటల ముందు చెప్పి, కిరాయిదారుకు వీలైన వేళలో యజమాని చూసి వెళ్లవచ్చు’ అన్న ఒక్క వాక్యం చేర్చితే సగం పని అయినట్టే.

రెండో పని: 11 నెలల నమ్మకాన్ని పక్కన పెట్టండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. హైదరాబాద్‌లో ఎక్కువమంది పొరబడేది దీని దగ్గరే.

దేశమంతా 11 నెలలకు ఎందుకు రాస్తారంటే, రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ ప్రకారం ఏడాది మించిన లీజును తప్పక రిజిస్టర్ చేయాలి. 11 నెలలైతే అక్కర్లేదు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ సెక్షన్‌ను సవరించింది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ గడువుతో పని లేకుండా స్థిరాస్తి లీజు దస్తావేజు ప్రతిదీ రిజిస్టర్ చేయాల్సిందే. తెలంగాణకు అదే వారసత్వంగా వచ్చింది. అంటే వేరే రాష్ట్రంలో 11 నెలలు ఇచ్చే వెసులుబాటు హైదరాబాద్‌లో లేదు.

‘మరి లైసెన్సు అని రాస్తే రిజిస్ట్రేషన్ తప్పుతుంది కదా’ అని కొందరు బ్రోకర్లు చెబుతారు. నిజమైన లైసెన్సులో హక్కు బదిలీ కాదు కాబట్టి ఆ సెక్షన్ దానికి తగలదు, అంతవరకు నిజం. కానీ లోపల ఉన్నది లీజని కోర్టు తేల్చితే, మీ చేతిలో మిగిలేది రిజిస్టర్ కాని లీజు.

రిజిస్టర్ కాకపోతే ఏమవుతుంది? కిరాయి సంబంధం మాయమైపోదు. మీరు ఇంట్లో ఉంటున్నారు, నెలనెలా కిరాయి కడుతున్నారు, ఆయన తీసుకుంటున్నారు. అది నెలవారీ కిరాయిగా నిలుస్తుంది. రిజిస్టర్ కాని అయిదేళ్ల లీజు విషయంలో 2000లో ఆంథొనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. పోయేది ఆ కాగితంలోని షరతుల బలం. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం వాటిని నిరూపించడానికి ఆ కాగితాన్ని సాక్ష్యంగా వాడుకోలేరు. మీరు కిరాయిదారుగా ఇంట్లోకి వచ్చారన్న పక్క విషయానికి చూపించవచ్చు గానీ, ‘11 నెలలు ఉంటాను’, ‘రెండు నెలల నోటీసు ఇవ్వాలి’ అన్న అసలు షరతులకు కాదు.

నెలవారీ కిరాయికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెప్పే నోటీసు 15 రోజులు. ఇది రెండువైపులా పదునున్న కత్తి. ఓనర్ 15 రోజుల నోటీసుతో మీ కిరాయిని ముగించవచ్చు. అలాగే ‘ఆరు నెలల లోపు వెళ్తే అడ్వాన్స్ రాదు’ అన్న లాక్ ఇన్ షరతు రిజిస్టర్ కాని కాగితంలో ఉంటే, కోర్టులో దాని మీద నిలబడటం ఆయనకూ కష్టమే. కాకపోతే అడ్వాన్స్ ఆయన చేతిలో ఉంటుంది. చట్టం మీ వైపు ఉన్నా డబ్బు కోసం తిరగాల్సింది మీరే.

ఇంకో మాట. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. సంతకం చేసింది వీళ్లే అని నోటరీ చెబుతారు, అంతకుమించి ఆ ముద్ర ఏమీ చేయదు. స్టాంపు డ్యూటీ కూడా 100 రూపాయల పేపరుతో తీరిపోతుందని అనుకోవద్దు. అది కిరాయి మొత్తం, గడువు చూసి లెక్క కట్టేది. తక్కువ పడితే తర్వాత డ్యూటీ, జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు, జరిమానా లోటుకు పది రెట్ల దాకా పోవచ్చు. రిజిస్ట్రేషన్ లోపానికి మాత్రం గడువు ఉంది: సంతకం చేసిన రోజు నుంచి నాలుగు నెలలు, ఆలస్యానికి కారణం చెప్పుకుని జరిమానాతో మరో నాలుగు నెలలు.

మూడో పని: రిజిస్టర్ చేయించడానికి ఓనర్‌ను ఒప్పించడం

‘రిజిస్టర్ చేస్తే కిరాయిదారు పాతుకుపోతాడు’ అన్నది చాలామంది ఓనర్ల భయం. నిజం దానికి ఎదురుగా ఉంది. రిజిస్టర్ అయిన లీజుకు ముగింపు తేదీ ఖాయం. ఆ రోజుతో లీజు దానంతట అదే ముగుస్తుంది, నోటీసు కూడా అక్కర్లేదు. తర్వాత కూడా మీ దగ్గర కిరాయి తీసుకుంటూ పోతేనే అది నెలవారీగా మారుతుంది. ఈ మాట నెమ్మదిగా చెప్పండి, ఖర్చు మేమే పెట్టుకుంటామనండి. 28,000 కిరాయి ఇంట్లో గడువు నిలబడటం కోసం ఆ ఖర్చు భరించడం తెలివైన పనే.

సంతకానికి ముందు registration.telangana.gov.in లో ఫ్లాట్ ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల ధ్రువపత్రం, తీయండి. ఓనర్ పేరు అదేనా, రిజిస్టర్ అయిన బ్యాంకు తాకట్టు ఉందా అన్నది దాంట్లో కనిపిస్తుంది. తాకట్టు ఉంటే కిస్తీలు సరిగా కడుతున్నారా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఓనర్ అమెరికాలో ఉండి బావమరిది సంతకం పెడుతుంటే, కిరాయికి ఇచ్చే అధికారం రాసిన పవర్ ఆఫ్ అటార్నీ కాపీ తీసుకోండి.

తర్వాత డాక్యుమెంట్ రైటర్ దగ్గర దస్తావేజు రాయించి, డ్యూటీ, ఫీజు చలానా కట్టి, స్లాట్ తీసుకుని, మీ ఫ్లాట్ పరిధిలోని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఇద్దరూ ఆధార్, పాన్‌లతో, ఇద్దరు సాక్షులతో ఉండాలి. ఫొటోలు, వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు. అసలు దస్తావేజు ఓనర్ తీసుకుంటే, మీరు సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకుని తెచ్చుకోండి.

ఓనర్ ససేమిరా అంటే? ఇల్లు నచ్చింది, బడి దగ్గర, వదలలేరు. అప్పుడు నెలవారీ కిరాయిదారుగా ఉంటున్నామని, 15 రోజుల నోటీసుతో కదలాల్సి రావచ్చని తెలిసే వెళ్లండి. అడ్వాన్స్ రెండు నెలలకు మించనివ్వకండి. ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా, ‘ఫలానా ఫ్లాట్ అడ్వాన్స్’, ‘జూన్ కిరాయి’ అని రాసి పంపండి. రేపు కాగితం చెల్లకపోయినా ఆ పాస్‌బుక్ పంక్తులు చెల్లుతాయి.

ఇల్లు చేతులు మారినప్పుడు: కొండాపూర్ లెక్క

మళ్లీ మావాడి దగ్గరికి. అది నిజంగా లైసెన్సే అయితే కొన్నాయన మాట నిలబడేది, ఎందుకంటే ఇచ్చినాయన ఇల్లు అమ్మేస్తే లైసెన్సు కొత్త యజమానిని కట్టిపడేయదు. కానీ ఫ్లాట్ మొత్తం, రెండు తాళాలు, నెలనెలా కిరాయి, కరెంటు బిల్లు వాడే కట్టడం చూస్తే అది లీజు. లీజుకు ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ వర్తిస్తుంది. కొన్నాయన పాత ఓనర్ స్థానంలోకి వస్తాడు, ఆ హక్కులతోనూ, కిరాయిదారు కోరుకుంటే ఆ బాధ్యతలతోనూ. బాధ్యతల విషయంలో ఎవరిని పట్టుకోవాలో ఎంచుకునేది కిరాయిదారే. కొత్తాయనను ఎంచుకోనంతవరకు, అమ్మేసినంత మాత్రాన పాతాయన తప్పించుకోలేడు.

వాడి బలహీనత ఒక్కటే: రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి మిగిలిన ఆరు నెలలు నా హక్కు అనలేడు. రిజిస్టర్ అయి, ఎప్పుడైనా రద్దు చేయవచ్చన్న ఆ వాక్యం లేకుండా ఉంటే అనగలిగేవాడు. వాడికి ఉన్నది నెలవారీ కిరాయి, రాతపూర్వకమైన 15 రోజుల నోటీసు, ఆ తర్వాతా వెళ్లకపోతే కోర్టు డిక్రీ వస్తే తప్ప కదిలించలేని స్వాధీనం. కరెంటు తీసేసి, తాళం మార్చి బయటకు వెళ్లగొడితే, అలా వెళ్లగొట్టిన రోజు నుంచి ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి అడగవచ్చు.

మేం ఒక పేజీ జవాబు రాసి ఇద్దరికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందులో నాలుగే విషయాలు. కాగితం పేరేదైనా నేను కిరాయిదారును. అమ్మకం జరిగినట్టు సేల్ డీడ్ కాపీ పంపితే ఆ నెల నుంచి కిరాయి కొత్త యజమానికి చెల్లిస్తాను. 84,000 అడ్వాన్స్ ఎవరి దగ్గర ఉందో ఇద్దరూ కలిసి రాసివ్వండి, అప్పటిదాకా పాత యజమానినే బాధ్యుడిగా చూస్తాను. ఖాళీ చేయమంటే చట్టప్రకారం నోటీసు ఇవ్వండి.

సేల్ డీడ్ అడగడం మర్యాద కోసం కాదు. అమ్మకం సంగతి తెలియక పాతాయనకు కట్టిన కిరాయిని మళ్లీ కట్టనక్కర్లేదని చట్టం చెబుతుంది. తెలిసిన తర్వాత కడితే ఆ రక్షణ ఉండదు. ఏ తేదీన తెలిసిందో కాగితం మీద ఉండాలి.

కొత్తాయన మంచివాడే, ఎవరో చెప్పిన మాట నమ్మాడంతే. జవాబు చూశాక తన వకీలును అడిగి రెండు నెలలు ఇచ్చాడు. పాతాయన అమ్మకం డబ్బులోంచి 84,000 కొత్తాయనకు బదిలీ చేసి, ముగ్గురూ సంతకాలు పెట్టిన చిన్న కాగితం రాసుకున్నారు. తాళాలు ఇచ్చే రోజు పెయింటింగ్ కింద ఒక నెల కిరాయి పట్టుకుంటామన్నారు. నగరంలో అది ఆనవాయితీగా మారింది గానీ, ఒప్పందం లేకుండా పట్టుకునే హక్కు కాదు. ఇల్లు చేరిన రోజు తీసిన గోడల వీడియో మావాడి ఫోన్‌లో ఉంది. అది చూపించాక 6,000కు కుదిరింది. మీటర్ రీడింగ్ ఫొటో తీసి, మెయింటెనెన్స్ బకాయి లేదని అసోసియేషన్ దగ్గర రాయించుకుని, 78,000 ఖాతాలో పడ్డాకే వాడు రెండు తాళాలూ అప్పగించి రసీదు తీసుకున్నాడు.